హీరో ఎంట్రీ ఎన్నో నిమిషంలో: ఈవెంట్ రికార్డింగుల్లో ముఖాల వేట, రిటెన్షన్ లెక్క, రెండేళ్ల వాడకం తర్వాత

ప్రీ-రిలీజ్ ఈవెంట్ అయిపోయిన రాత్రి ఎడిట్ రూమ్‌లో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, హీరో ఎంట్రీ ఎక్కడుంది?" మూడు నాలుగు గంటల ఫైలు అది. యాంకర్ మాటలు, డాన్సులు, ఏవీలు, శాలువాలు, మళ్లీ యాంకర్ మాటలు. ఇదివరకు ఒక కుర్రాడు స్టేజ్ పక్కన నోట్‌బుక్కుతో నిలబడి టైమ్ రాసేవాడు. జనం తోసుకుంటే సగం రాసేవాడు, సగం మర్చిపోయేవాడు. ఆ పని ముఖాలు పట్టే స్క్రిప్టుకు అప్పగించి రెండేళ్లయింది. తర్వాత ఆశ పెరిగి, ఆ టైమ్‌లను యూట్యూబ్ రిటెన్షన్ గ్రాఫ్‌తో కలిపి, ఏ అతిథి వచ్చినప్పుడు జనం ఆగారో, ఎక్కడ వెళ్లిపోయారో చూడాలనుకున్నాను. మొదటి పని బ్రహ్మాండంగా అవుతోంది. రెండోది అవుతుంది కానీ చాలా జాగ్రత్తగా చేయాలి.

సామాను ఖరీదైనదేం కాదు. ఓపెన్‌సీవీ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీలో ఉచితంగా దొరికే రెండు మోడళ్లు: ముఖం ఎక్కడుందో చెప్పడానికి యూనెట్, అది ఎవరిదో పోల్చడానికి ఎస్‌ఫేస్. సెకనుకు ఒక ఫ్రేమ్ చొప్పున తీస్తాను, అంతకన్నా అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని నా లాప్‌టాప్‌లో ఒక ఈవెంట్ అరగంటలో పూర్తవుతుంది. అసలు పనిలో ముఖ్యమైనవి ఈ కొద్ది లైన్లే:

```python
det = cv2.FaceDetectorYN.create(
    "face_detection_yunet_2023mar.onnx", "", (1280, 720), 0.8)
rec = cv2.FaceRecognizerSF.create(
    "face_recognition_sface_2021dec.onnx", "")
_, faces = det.detect(frame)
for f in (faces if faces is not None else []):
    if f[3] < 60:      # ముఖం ఎత్తు, పిక్సెళ్లలో
        continue
    emb = rec.feature(rec.alignCrop(frame, f))
```

ఆ 60 పిక్సెళ్ల గీత లేకపోతే జిమ్మీ జిబ్ క్రేన్ షాట్ పడ్డప్పుడల్లా జనంలోని వందల ముఖాలు లెక్కలోకి వచ్చేస్తాయి. అవి నాకు అక్కర్లేదు, దాచుకోను కూడా. నా దగ్గర ఉండేది ఆహ్వాన జాబితాలోని పన్నెండు, పదిహేను మంది ఫొటోలు మాత్రమే.

మొదటి ఈవెంట్ ఫలితం చూసి నవ్వొచ్చింది. హీరో మూడున్నర గంటలపాటు తెర మీదే ఉన్నాడని చెప్పింది! ఉన్నాడు మరి, వెనక ఎల్‌ఈడీ వాల్ మీద సినిమా పోస్టర్ రూపంలో. యాంకర్ మాట్లాడుతున్నా, కమెడియన్ మాట్లాడుతున్నా భుజం మీంచి హీరో తొంగి చూస్తూనే ఉన్నాడు. ఒకే చోట కదలకుండా ఉండే ముఖాన్ని తీసేద్దామనుకుంటే, కెమెరా కదిలితే పోస్టరూ కదులుతుంది. చివరికి కుదిరిన చిట్కా ఇది: ఈవెంట్ మొదటి పది నిమిషాల్లోంచి పోస్టర్‌లోని ముఖాన్ని కత్తిరించి, దాన్ని 'హీరో-పోస్టర్' అనే వేరే మనిషిగా జాబితాలో చేర్చాను. పోస్టర్ ముఖం మనిషితో కన్నా పోస్టర్‌తోనే బాగా ఎక్కువగా కలుస్తుంది కాబట్టి దాని ఖాతా వేరైపోయింది. అభిమానుల టీషర్టుల మీది బొమ్మలు కూడా చాలావరకు అందులోకే పోయాయి. ట్రైలర్, ఏవీ వేసినప్పుడు మాత్రం ఈ చిట్కా పనిచేయదు. ఆ నిమిషాలు చేత్తో తీసేయాల్సిందే.

ఇంకో చిక్కు మన పరిశ్రమకే ప్రత్యేకం. తండ్రి ముఖ్య అతిథి, కొడుకు హీరో, బాబాయ్ ముందు వరసలో. రెండు ముఖాలు ఒకరివే అనడానికి ఎస్‌ఫేస్ పోలిక స్కోరుకు సూచించే హద్దు 0.363. ఆ హద్దు పెడితే పక్క నుంచి తీసిన షాట్లలో కుటుంబమంతా ఒకరి ఖాతాలోకి ఒకరు వెళ్లిపోయారు. 0.45 కి పెంచాను. మొదటి స్థానంలో ఉన్న పేరుకూ రెండో పేరుకూ తేడా మరీ తక్కువైతే ఎవరికీ రాయకుండా వదిలేయమన్నాను. దానివల్ల కొన్ని సెకన్లు పోతాయి, కానీ తప్పుడు పేరు పడటం కన్నా అది నయం.

ఇక రిటెన్షన్. ఇక్కడే ఆర్నెల్లు పొరపాటులో ఉన్నాను. యూట్యూబ్ అనలిటిక్స్ ఎపీఐలో ఒక వీడియోకు `elapsedVideoTimeRatio` ప్రకారం `audienceWatchRatio` అడిగితే 100 విలువలు వస్తాయి, 0.01 నుంచి 1.0 దాకా. మొదటిది వీడియోలో ఎంత వంతు గడిచిందో చెబుతుంది, రెండోది ఆ భాగాన్ని ఎన్నిసార్లు చూశారో మొత్తం వ్యూలతో పోల్చిన నిష్పత్తి. వీడియో నాలుగు నిమిషాలైనా, నాలుగు గంటలైనా 100 గడులే. పాటకైతే ఒక్కో గడి రెండు మూడు సెకన్లు. నేను ఇక్కడ చెప్పబోయే ఈవెంట్ నిడివి 3:52:00, అంటే 13,920 సెకన్లు. ఒక్కో గడి 139 సెకన్లు. ముఖాల టైమేమో సెకన్లలో తెలుస్తోంది, జనం లెక్కేమో రెండు నిమిషాల ఇరవై సెకన్ల ముద్దల్లో వస్తోంది.

దానికి తోడు 0.41 అని రాసి ఉన్న విలువ 0.41 దగ్గర మొదలయ్యే గడిది కాదు, 0.40 నుంచి 0.41 వరకు ఉన్న గడిది. ఆ అంకె గడి చివరను చెబుతుంది. నేను దాన్ని మొదలనుకుని గీశాను. దాంతో ప్రతి ఈవెంట్‌లోనూ అతిథి వచ్చిన రెండు నిమిషాల తర్వాత గ్రాఫ్ లేచేది. "మనవాళ్లు విషయం తెలిసి మెల్లగా వస్తారు" అని నిర్మాత ఆఫీసులో వివరణ కూడా ఇచ్చాను. ఎవరూ కాదనలేదు, అదే ప్రమాదం. ఒక గడి వెనక్కి జరపగానే ఆ ఆలస్యం మాయమైంది.

ఆ ఈవెంట్‌లో హీరో ఎంట్రీ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడిన చోటు అదే. స్క్రిప్టు ప్రకారం ఆయన ముఖం పెద్దగా కనిపించడం 1:34:10 కి మొదలై 1:35:40 కి ఆగింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. ఈ తొంభై సెకన్లలో ముఖం నిజంగా దొరికింది పదకొండు ఫ్రేముల్లోనే. ఫ్లాష్‌లు, బౌన్సర్ల భుజాలు, పక్కకు తిరిగిన తల. పదిహేను సెకన్ల లోపు ఖాళీలను కలిపేయమని ముందే చెప్పి ఉంచాను కాబట్టి అదంతా ఒకే ముక్కగా వచ్చింది.

ఎంట్రీకి ముందున్న మూడు గడుల సగటు 0.061. హీరో అడుగుపెట్టిన గడి, అంటే 1:32:48 నుంచి 1:35:07 దాకా, 0.079. ఆ తర్వాతిది 0.071. చూడగానే ఎంట్రీ వల్లే లేచిందనిపిస్తుంది. కానీ దానికి ముందే సినిమాలోని హిట్ పాటకు డాన్స్ ఉంది, 1:29:30 నుంచి 1:33:30 దాకా. డాన్స్ బృందం వాళ్లు ఆ పెరుగుదల తమదే అన్నారు, సరదాగానే అనుకోండి.

ముఖాల టైమ్ ఇక్కడ అక్కరకొచ్చింది. మొదటి గడిలో ఎంట్రీకి దక్కింది 57 సెకన్లు. 139 సెకన్ల మీద పరుచుకున్న 0.018 పెరుగుదలంతా ఆ 57 సెకన్లదే అనుకుంటే, ఆ కాసేపు అసలు పెరుగుదల 0.044 అవుతుంది. రెండో గడిలో ఎంట్రీకి మిగిలింది 33 సెకన్లు. అక్కడి 0.010 ని అలాగే కుదిస్తే 0.042. రెండు గడులూ వేర్వేరుగా దాదాపు ఒకే అంకె చెప్పాయి. పాట వల్లే అయితే, పాట నడిచిన ముందు గడులు కూడా లేచి ఉండాలి. అవి 0.061 దగ్గరే చదునుగా ఉన్నాయి. కాబట్టి ఆ తొంభై సెకన్లు హీరోవే. డాన్స్ వాళ్లకు చెప్పలేదు.

ఇంత శుభ్రంగా తేలేది పది సందర్భాల్లో రెండు మూడే. ముందు వరసలో కూర్చున్న అతిథి మీద నాలుగు సెకన్ల కట్‌అవే పడితే 139 సెకన్ల గడిలో అది కనిపించదు. ఒకే గడిలో ఇద్దరు అతిథులు వస్తే ఎవరి వాటా ఎంతో తేల్చలేం. గ్రాఫ్ మామూలుగానే కిందికి దిగుతూ పోతుంది కాబట్టి మొదటి గంటలో మాట్లాడిన కమెడియన్‌నూ మూడో గంటలో మాట్లాడిన దర్శకుణ్నీ నేరుగా పోల్చకూడదు. ఎవరి ముందు గడులతో వాళ్లనే పోల్చాలి. పైగా ఎవరో కామెంట్లలో టైమ్ రాస్తే జనం నేరుగా అక్కడికే దూకుతారు. అప్పుడు లేచే శిఖరం అతిథిది ఎంతో, ఆ కామెంట్‌ది ఎంతో చెప్పలేం. లైవ్ రోజు లెక్క నేను కలపను. లైవ్ చూసేవాడికి ముందుకు దూకే వీలుండదు కాబట్టి వాడి ఓపికకూ మర్నాడు చూసేవాడి ఓపికకూ పోలిక లేదు. మర్నాటి తేదీ నుంచే తీస్తాను.

ఇంకొకటి, మొదట్లో ఒళ్లు మండించిన విషయం. కెమెరాల మధ్య కట్ చేసే స్విచ్చర్ దగ్గర రికార్డయిన ఫైలు, యూట్యూబ్‌లో ఉన్న వీడియో ఒకే చోట మొదలవ్వవు. లైవ్ కౌంట్‌డౌన్‌ను తర్వాత కత్తిరిస్తారు. యాంకర్ ముఖం మొదటిసారి కనిపించిన సెకనును రెండింటిలోనూ చూసి, తేడా పట్టుకుని, అప్పుడే మిగతా పని మొదలుపెడతాను.

సెకన్ల స్థాయిలో జవాబు కావాలంటే దారి వేరే ఉందని ఏడాది తర్వాత గాని తట్టలేదు. హీరో ప్రసంగాన్ని విడిగా కూడా అప్‌లోడ్ చేస్తాం కదా. తొమ్మిది నిమిషాల క్లిప్‌కు కూడా 100 గడులే, అంటే ఒక్కోటి 5.4 సెకన్లు. పెద్ద వీడియోలో గల్లంతైన కట్‌అవేలు ఇందులో బయటపడ్డాయి. టెక్నీషియన్ల పేర్లు చదివే భాగంలో గ్రాఫ్ జారింది, బాధేసింది కానీ అదే నిజం. ముందు వరసలోని సీనియర్ నటుడి ముఖం పడ్డ రెండు చోట్లా లేచింది.

ఎగిరి గంతేయబోయి ఆగాను. ఆ రెండు చోట్లా హీరో ఆయన పేరే చెబుతున్నాడు. పేరు వినబడగానే స్విచ్చర్ మీదున్నవాడు ఆయన మీదికి కట్ చేశాడు. జనం ఆగింది ముఖం చూసా, మాట వినా అన్నది ఈ లెక్క చెప్పలేదు. అది తేలాలంటే పేరు చెప్పకుండా ముఖం పడ్డ చోట్లు కావాలి. నా దగ్గరున్న క్లిపుల్లో అలాంటివి ఇప్పటికి ఆరే దొరికాయి. వాటిలో మూడు లేచాయి, మూడు లేవలేదు.

కాబట్టి ఇప్పుడు నా వాడకం ఇలా ఉంది. ముఖాల జాబితా ఈవెంట్ అయిన రాత్రే తయారవుతుంది. దాన్నుంచి చాప్టర్లు, క్లిప్‌ల ఇన్-అవుట్‌లు నేరుగా ఎడిటర్‌కు పోతాయి. పది రోజుల తర్వాత రిటెన్షన్ తీసి, కనీసం రెండు గడులు నిండా తెర మీదున్న అతిథుల వరుసలే నిర్మాత ఆఫీసుకు పంపుతాను. మిగతా పేర్ల ఎదురుగా గీత పెడతాను. పోయిన నెల ఒక మేనేజర్ ఫోన్ చేసి, మా హీరోయిన్ ఎదురుగా గీత ఎందుకుందని నిలదీశాడు. ఆవిడ స్టేజ్ మీద మాట్లాడింది నలభై సెకన్లే అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, "వచ్చేసారి మైక్ ఎక్కువసేపు ఇవ్వమని చెప్తా" అన్నాడు.