వైండర్ తిప్పుతుంది సరే, ఎటు తిప్పుతుంది?

చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీని, పెట్టుకోనప్పుడు ఆగిపోకుండా తిప్పుతూ ఉండే మోటారు డబ్బానే వైండర్. రెండు వాచీలు పట్టే ఈ వైండర్ మీద నా కోపమంతా ఒక్కదాని గురించే. ఎటువైపు తిప్పాలో దీనికి మనం చెప్పే వీల్లేదు. రోజుకు ఎన్ని చుట్లు తిప్పాలో ఎంచుకోవడానికి వెనకాల ఒక బటన్ ఉంది కానీ, దిశకు ఏమీ లేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిరుగుతుంది, అంతే. పెట్టె మీద మాత్రం అన్ని ఆటోమేటిక్ వాచీలకూ పనికొస్తుందని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ మాట నమ్మి కొనేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా దగ్గర మూడు ఆటోమేటిక్‌లు ఉన్నాయి. 4R36 మెషీన్ ఉన్న సీకో ఒకటి, మియోటా 8215 మెషీన్‌తో వచ్చినది ఒకటి, పవర్‌మాటిక్ 80 మెషీన్ ఉన్న టిస్సాట్ ఒకటి. ఆఫీసుకు ఒకటి పెట్టుకుంటే మిగతా రెండూ ఇంట్లో ఆగిపోతాయి. అందుకే వైండర్ కొన్నాను. కొత్తలో చాలా సంతోషపడ్డాను, అడిగినవాళ్లకల్లా కొనమని చెప్పాను కూడా. సీకో అందులో ఎన్ని రోజులున్నా, తీసి పెట్టుకుంటే టైము, తేదీ, వారం అన్నీ సరిగ్గా ఉండేవి. చప్పుడు కూడా లేదని చెప్పేవాణ్ణి. పగటిపూట అది నిజమే. రాత్రి ఏసీ ఆపేశాక పడకగదిలో మోటారు దిశ మార్చుకున్నప్పుడల్లా చిన్న చప్పుడు వినిపిస్తుంది, దాంతో హాల్లోకి మార్చాల్సి వచ్చింది.

గొడవంతా మియోటా వాచీతో వచ్చింది. ఆదివారం రాత్రి చేతి నుంచి తీసి, నిండా కీ ఇచ్చి వైండర్లో పెడితే బుధవారం దాకా బాగానే నడిచేది. గురువారం పొద్దున చూస్తే వైండర్ తిరుగుతూనే ఉంది, వాచీ మాత్రం ఆగిపోయి ఉంది. మళ్లీ కీ ఇచ్చి పెట్టినా అదే వరస. పెట్టిన రెండు రోజులకే ఆగితే వైండర్ పని చేయట్లేదని ఎవరికైనా అర్థమవుతుంది. మూడు రోజులు నడిచి ఆగేసరికి అందరి అనుమానమూ వాచీ మీదకే పోయింది. అమ్మినవాళ్లకు రాస్తే, వాచీకి సర్వీసింగ్ చేయించుకోండి, మా వైండర్‌లో ఏ లోపమూ లేదు అని జవాబిచ్చారు.

సర్వీసుకు డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేశాను. నిండా కీ ఇచ్చి, వైండర్ జోలికి పోకుండా బీరువాలో వదిలేశాను. నిండా కీ ఇచ్చాక నడిచే సమయం, అంటే పవర్ రిజర్వ్, ఈ మెషీన్‌కు సుమారు 42 గంటలు. నలభై దాటాకే ఆగింది. అంటే స్ప్రింగు బాగానే ఉందన్నమాట. అప్పుడు చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. వాళ్లది నెల్లూరు వైపు, తెలుగులోనే మాట్లాడతారు. నిండా కీ ఇచ్చి టైమింగ్ మెషీన్ మీద పెడితే బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో చెప్పే ఆంప్లిట్యూడ్ 260 డిగ్రీల పైనే చూపించింది, అంటే మెషీన్ బాగానే ఉంది. తర్వాత వెనక మూత విప్పి, తిరుగుతూ కీ ఎక్కించే రోటర్ అనే బరువు పలకను సన్నటి పుల్లతో మెల్లగా ఒక పక్కకు నెట్టారు. కాస్త బరువుగా కదిలి ఆగింది. రెండో పక్కకు నెట్టగానే ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగిపోయింది.

"చూశా నాయనా, ఇది ఒక పక్కకే కీ ఎక్కే మిషను. ఇటు తిరిగినంత సేపూ ఉత్తదే" అన్నారు.

"మరి వైండర్లో పెట్టొచ్చా అయ్యా?"

"పెట్టొచ్చు. అది తిప్పేది సగం దండగ, అంతే."

ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే కథంతా విడిపోయింది. వాచీ రోజంతా నడవడానికి ఖర్చయ్యే కీ తిరిగి ఎక్కాలంటే రోజుకు సుమారు 650 చుట్లు కావాలనుకుందాం. నేను పెట్టింది కూడా 650కే. అందులో 325 కుడికి, 325 ఎడమకు పోతాయి. మియోటాకు పనికొచ్చేవి సగమే. అంటే రోజూ 24 గంటల కీ ఖర్చవుతుంటే 12 గంటలదే ఎక్కుతోంది. 42 గంటల నిల్వ రోజుకు 12 చొప్పున తరిగితే మూడున్నర రోజులకు ఖాళీ. ఆదివారం రాత్రి పెట్టినది గురువారం పొద్దున ఆగడానికి కారణం సరిగ్గా ఇదే. ఈ వైండర్లో అన్నిటికన్నా ఎక్కువ సెట్టింగు 900. అది పెట్టినా పనికొచ్చేవి 450, వారం లోపే మళ్లీ ఆగుతుంది. సీకోకు ఈ బాధ లేదు. దానిలో మ్యాజిక్ లీవర్ అనే ఏర్పాటు వల్ల రోటర్ ఎటు తిరిగినా కీ ఎక్కుతుంది.

మీ వాచీ ఏ రకమో తెలుసుకోవడానికి మూత విప్పక్కర్లేదు. వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూడండి. ఒక పక్కకు తిప్పినప్పుడు రోటర్ గిర్రున తిరిగి, చేతిలో వాచీ సన్నగా వణికితే అది చాలావరకు ఒకవైపు కీ ఎక్కే రకమే. 7750 మెషీన్ ఉన్న క్రోనోగ్రాఫ్‌లూ, అంటే స్టాప్‌వాచ్ ఉన్న వాచీలూ అంతే, ఆ వణుకు వాటిలో ఇంకా బాగా తెలుస్తుంది. అలాంటి వాచీకి దిశ మార్చుకునే స్విచ్ లేని వైండర్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందనే భయం మాత్రం అక్కర్లేదు. ఆటోమేటిక్‌లో స్ప్రింగు నిండాక దాని చివర, అది చుట్టుకుని ఉండే డ్రమ్ము గోడ మీద జారిపోయేలా ఉంటుంది.

ఇంతకీ వైండర్ కావాలా అంటే, నా మట్టుకు నాకు ఇప్పుడు అక్కర్లేదు. టిస్సాట్‌ను శుక్రవారం రాత్రి ఎనిమిదికి తీసి పక్కన పెడితే సోమవారం పొద్దున ఎనిమిదికి అరవై గంటలే అవుతుంది, 80 గంటల రిజర్వ్‌లో ఇంకా మిగిలే ఉంటుంది. మియోటా ఆగిపోతే కీ ఇచ్చి టైము పెట్టుకోవడానికి ఒక నిమిషం చాలు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. రాత్రి తొమ్మిదికీ తెల్లవారి మూడుకీ మధ్య ముళ్లు ఉన్నప్పుడు తేదీని త్వరగా మార్చే కీతో కదపకూడదు, తేదీ పళ్లు దెబ్బతింటాయి. నేనైతే ముందు ముళ్లను ఆరున్నరకు తెచ్చి, నిన్నటి తేదీ పెట్టి, అక్కణ్ణుంచి ముందుకు తిప్పి తేదీ మారాక అసలు టైము పెడతాను. ఆగి ఉన్నందువల్ల వాచీకి నష్టమేమీ లేదు. ఇప్పటి సింథటిక్ నూనెలు పాత నూనెల్లా తొందరగా గట్టిపడవు. ఊరికే నడుస్తూ ఉంటేనే పళ్లకు అరుగుదల.

చెన్నైలో నాకు ఆగిన వాచీ కన్నా తోలు పట్టీకి బూజు పట్టడమే పెద్ద టెన్షన్. నవంబరు వానల్లో వైండర్ మూత వేసి ఉంచితే, లోపలి మెత్త మీద ఉన్న పట్టీకి తెల్లటి మచ్చలు వచ్చాయి. ఇప్పుడు తోలు పట్టీల వాచీలు మామూలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటున్నాయి. పొట్లాలు తేమ పట్టి రంగు మారగానే మారుస్తాను.

నెలకెన్ని రోజులో, లీపు సంవత్సరం ఎప్పుడో తానే చూసుకునే పెర్పెచువల్ క్యాలెండర్ వాచీ ఉన్నవాళ్ల సంగతి వేరు. అది ఆగితే తేదీ, నెల, చంద్రుడి కళలు అన్నీ సరిచేసుకోవాలి, వాళ్లకు మంచి వైండర్ పెట్టిన ఖర్చుకు తగినదే. మా బాబాయిదీ వేరే సంగతే. ఆయనకు 7S26 మెషీన్ ఉన్న పాత సీకో 5 ఉంది. దానికి చేత్తో కీ ఇచ్చే వీలే లేదు, ఆయనకు చూపు తగ్గింది, తేదీ, వారం పెట్టుకోవడం కష్టం. ఆ మెషీన్ కూడా ఎటు తిప్పినా కీ ఎక్కేదే కాబట్టి వైండర్ ఆయనకే ఇచ్చేశాను. 650 మీద పెట్టి ఇచ్చాను, అక్కడ ఇంతవరకు ఆగలేదు.