విమానం టికెట్: యాప్, వెబ్‌సైటా? కాల్ సెంటరా?

అసలు ఛార్జీ ఎక్కడ చూసినా దాదాపు ఒకటే, ఎందుకంటే సీట్లు వచ్చేది ఒకే సిస్టమ్ నుంచి. తేడా వచ్చేది పైన పడే ఫీజుల్లో. యాప్‌లో, వెబ్‌సైట్‌లో కన్వీనియెన్స్ ఫీజు చివరి పేజీలో బయటపడుతుంది, అదీ చాలాసార్లు మనిషికింత చొప్పున. కాల్ సెంటర్‌లో చేయిస్తే చాలా సంస్థలు విడిగా సర్వీస్ ఛార్జీ వేస్తాయి. యాప్‌కే పరిమితమైన కూపన్లు అప్పుడప్పుడు ఉంటాయి.

కుటుంబానికైతే వెబ్‌సైటే నయం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి నలుగురికి వెతికారనుకోండి. 5,200 ధరలో మూడు సీట్లే మిగిలితే, నలుగురికీ పై ధర 5,900 చూపిస్తుంది: మొత్తం 23,600. ముగ్గురికి ఒకసారి, ఒకరికి విడిగా తీసుకుంటే 21,500. కాకపోతే పీఎన్ఆర్‌లు రెండవుతాయి, విమానం రద్దయితే రెండూ విడిగా మార్చుకోవాలి. పెద్ద స్క్రీన్ మీద రెండు ట్యాబ్‌లు తెరిచి పోల్చడం తేలిక, ఫోన్‌లో చిరాకు.

యాప్ అసలు పనికొచ్చేది ప్రయాణం రోజున, చెక్-ఇన్‌కీ బోర్డింగ్ పాస్‌కీ.

కాల్ సెంటర్‌కి డబ్బు ఎక్కువైనా, ఒంటరిగా వెళ్లే పిల్లలకో, స్ట్రెచర్ అవసరమైన పేషెంటుకో టికెట్ కావాలంటే చాలాసార్లు అక్కడికే ఫోన్ చేయాలి. హోల్డ్‌లో పెట్టి వినిపించే ఆ మ్యూజిక్ భరించక తప్పదు.