ఐదు మీటర్ల లింక్ కేబుల్: చాలాకాలం వాడాక

క్వెస్ట్ 3 వీఆర్ హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌కి కలిపే మామూలు రాగి కేబుల్ ఇది. కంప్యూటర్‌లో నడిచే ఆటను ఇలా హెడ్‌సెట్‌లో చూపించే ఏర్పాటునే లింక్ అంటారు. ఒక చివర పాత తరహా వెడల్పు యూఎస్‌బీ, రెండో చివర పక్కకి వంగిన టైప్ సీ. కొత్తలో దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, పెడితే పనిచేస్తుంది. అసలు గుణం నెలలు గడిచాక బయటపడుతుంది. హెడ్‌సెట్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది గానీ లింక్ రాదు, లేదా వచ్చినా బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంది. వెంటనే కేబుల్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. సగంసార్లు ఆ డబ్బు దండగ.

ఛార్జ్ అవుతోందంటే కరెంటు తీగలు బాగున్నాయని మాత్రమే అర్థం. డేటాకి వేరే తీగలున్నాయి: యూఎస్‌బీ 2 కోసం ఒక జత, యూఎస్‌బీ 3 వేగం కోసం ఇంకో రెండు జతలు. వేగం జతలు దెబ్బతింటే హెడ్‌సెట్ యూఎస్‌బీ 2కి దిగిపోతుంది. లింక్ దాని మీద కూడా నడుస్తుంది, కాకపోతే బొమ్మ నాణ్యత తగ్గుతుంది. కాబట్టి 'అసలు కనపడకపోవడం', 'కనపడి నెమ్మదించడం' ఒకే జబ్బు కాదు.

నెమ్మదిస్తే ముందు కంప్యూటర్‌లోని లింక్ యాప్‌లో హెడ్‌సెట్ పేరు నొక్కి USB Test నడపండి. తర్వాత టైప్ సీ కొనను తిరగేసి పెట్టి మళ్ళీ నడపండి. వంగిన కొన కాబట్టి తీగ ముఖం మీదికి వస్తుంది, పరీక్షకే కదా, ఓర్చుకోండి. ఒకవైపు పెడితే 2 జీబీపీఎస్ పైన, తిరగేస్తే మూడొందల ఎంబీపీఎస్ చిల్లర వచ్చిందనుకుందాం. చాలామంది దీన్ని చూసి కేబుల్‌లో ఒక వరస పోయిందంటారు. అది తప్పు. ఎటు పెట్టినా కేబుల్ లోపల వాడకంలో ఉండేవి అవే జతలు. మారేది హెడ్‌సెట్ సాకెట్‌లో అవి తగిలే పిన్నులు. అంటే తేడా వస్తే లోపం సాకెట్‌లో ఉంది, కొత్త కేబుల్ కొన్నా అదే తంతు. రెండు వైపులా ఒకేలా నెమ్మదిగా ఉంటేనే కేబుల్‌నో కంప్యూటర్ పోర్టునో అనుమానించాలి.

మన కోస్తా ఉక్కలో సాకెట్ పాడవడానికి పెద్ద కారణం చెమట. ఆడేవాళ్ళ చెమట పట్టీ మీదుగా దిగి, నూగుతో కలిసి పిన్నుల మీద పొరలా కడుతుంది. కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. హెడ్‌సెట్‌ను పూర్తిగా ఆపి, చెక్క పుల్లతో నూగు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన సన్నని బ్రష్‌తో తుడిచి, బాగా ఆరాకే పెట్టండి. గుండుసూది వాడొద్దు, పిన్నులు వంగిపోతాయి.

అసలు కనపడకపోతే దారి వేరు. కేబుల్‌ను క్యాబినెట్ ముందు పోర్టులో కాక వెనక మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి. ముందు పోర్టుకి లోపల ఇంకో తీగ ఉంటుంది, ఐదు మీటర్లకి అదీ కలిస్తే సిగ్నల్ తట్టుకోదు. ఎక్స్‌టెన్షన్ తీగ సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత విండోస్‌లో Device Manager తెరిచి XRSP అనే పేరుందేమో చూడండి. అది ఉండి కూడా యాప్‌లో హెడ్‌సెట్ రాకపోతే తీగ నిర్దోషి, కంప్యూటర్‌లో వెనక నడిచే లింక్ సర్వీసు మొరాయించింది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇవి కొట్టండి:

```
net stop OVRService
net start OVRService
```

కాసేపు వదిలేశాక మాత్రమే లింక్ తెగుతుంటే, USB Root Hub లక్షణాల్లో Power Management కింద కరెంటు ఆదా కోసం పోర్టును ఆపే టిక్కు తీసేయండి. లింక్ బాగానే ఉండి ఆట ఒక్కటే తెరుచుకోకపోతే కేబుల్ ఊసు వదిలేసి, ఆటనీ హెడ్‌సెట్‌నీ కలిపే OpenXR Runtime ఏ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉందో లింక్ యాప్ సెట్టింగుల్లో చూడండి. తల, చేతుల కదలికలు పట్టే ట్రాకింగ్ పోతుంటే దానికీ కేబుల్‌కీ సంబంధం లేదు. హెడ్‌సెట్ ట్రాకింగ్ సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్‌లో ఉంటే మన కరెంటుకి తగ్గట్టు 50కి మార్చి, గదిలో వెలుతురు పెంచి చూడండి.

ఇక కేబుల్ మీద నా ఫిర్యాదులు రెండు. బరువు ఎక్కువ, వెల్క్రో పట్టీతో హెడ్‌సెట్ పక్కపట్టీకి కట్టకపోతే ఆ లాగుడంతా సాకెట్ మీదే పడుతుంది. రెండోది, మామూలు యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది 4.5 వాట్లే, కాబట్టి ఆడుతుంటే బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: నెల్లూరు, ఒంగోలు సెల్ షాపుల్లో 'టైప్ సీ' అంటే చేతికిచ్చేది ఎక్కువగా యూఎస్‌బీ 2 ఛార్జింగ్ కేబులే. '5 జీబీపీఎస్' అని పెట్టె మీద ఉందో లేదో చదివి, వీలైతే షాపులోనే పెన్‌డ్రైవ్ కాక హెడ్‌సెట్‌తోనే పరీక్షించి తీసుకోండి.