పనిలో వెనకబడ్డ మనిషి గురించి అడిగితే: ప్లాన్ చెప్పాలా, జరిగింది చెప్పాలా?

మొదటిసారి మేనేజర్ పోస్టు ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లను "మీ జట్టులో ఒకరు పనిలో వెనకబడితే ఏం చేస్తారు?" అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు రెండు రకాలుగా జవాబిస్తారు.

ఒకటి ప్లాన్: "విడిగా మాట్లాడతాను, కారణం కనుక్కుంటాను, గడువు పెడతాను, మారకపోతే హెచ్‌ఆర్‌కి చెబుతాను." తప్పేమీ లేదు. కానీ అందరూ ఇదే చెబుతారు. "గడువు ఎంత? మారాడని ఎలా తెలుస్తుంది?" అని అడగ్గానే చాలామంది నీళ్లు నములుతారు.

రెండోది, మేనేజర్ కాకముందే చూసిన సంఘటన. ఉదాహరణకు, జట్టులో ఒకరి రిపోర్టులు వరసగా మూడు వారాలు ఆలస్యమయ్యాయి. మీరు ఆయన పక్కన కూర్చుని చూస్తే, డేటా ఇవ్వాల్సిన వేరే టీమ్ గురువారం సాయంత్రం గానీ పంపడం లేదు. రిపోర్టేమో శుక్రవారం ఉదయానికే కావాలి. అంటే లోపం మనిషిలో కాదు, పని అందే తీరులో ఉంది. డేటా బుధవారానికి వచ్చేలా మాట్లాడారు, తర్వాతి రిపోర్టులు టైముకి అందాయి.

నా ఓటు రెండోదానికే, అయితే ఒక చిక్కుంది. తోటి ఉద్యోగిగా మీరు సాయం చేశారంతే, నిర్ణయం మీ చేతిలో లేదు. అడిగేవాళ్లు పట్టుకునేది అక్కడే. అందుకే కథ చివర ప్లాన్‌లోంచి ఒక ముక్క అతికించాలి: "డేటా టైముకి వచ్చాక కూడా ఆలస్యమైతే, ఏం కావాలో రాతపూర్వకంగా ఇచ్చి, నాలుగు వారాలు ప్రతి శుక్రవారం కలిసి చూస్తాను. అప్పటికీ మారకపోతే ఆ నోట్సుతోనే హెచ్‌ఆర్ దగ్గరికి వెళతాను."

ఆ మనిషి పేరు మాత్రం చెప్పకండి.