‘ఎందుకు?’ అని అడగాలా, ‘ఎక్కడ?’ అని అడగాలా: ఏది మేలు?

మా పిన్ని కొడుకు అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో బ్యాకెండ్ పనిలో నాలుగేళ్ల అనుభవం ఉంది. మొన్నామధ్య రెండు నెలల్లో రెండు కంపెనీలు వాడిని చివరి రౌండ్ దాకా తీసుకెళ్లి వద్దన్నాయి. రెండుసార్లూ కారణం అడుగుతూ మెయిల్ రాశాడు. మొదటిదానికి వచ్చిన జవాబు దేనికీ పనికిరాలేదు. రెండోదానికి వచ్చిన రెండు లైన్లతో వాడి ప్రిపరేషనే మారిపోయింది.

మొదటి మెయిల్ నాకు చూపించాడు. పన్నెండు లైన్లుంది. ఎంత కష్టపడి ప్రిపేర్ అయ్యాడో, అన్ని ప్రశ్నలకూ ఎలా జవాబు చెప్పాడో రాసి, ‘నన్ను ఎందుకు తీసుకోలేదో, నా బలాలేమిటో, లోపాలేమిటో వివరంగా తెలియజేయగలరు’ అని ముగించాడు. నాలుగు రోజులకు జవాబొచ్చింది: ‘ఈ పోస్టుకు మరింత సరిపోయే అభ్యర్థితో ముందుకు వెళ్తున్నాం, మీ ప్రొఫైల్ మా దగ్గర ఉంటుంది.’ రిజెక్షన్ మెయిల్‌లో ఉన్న వాక్యమే అది, అటూ ఇటూ తిప్పి పంపారు.

‘నాలుగు రౌండ్లు తీసుకున్నారు కదన్నా, ఒక్క ముక్క చెప్పడానికి ఏం పోయింది?’ అన్నాడు.

నేను మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి అవతలి వైపు సంగతి కాస్త తెలుసు. ప్రతి రౌండ్ తర్వాత ఒక ఫారం నింపుతాం. స్కోరు వేసి, దాని కింద కారణం రెండు మూడు వాక్యాల్లో రాస్తాం. అది హెచ్‌ఆర్‌కు కనిపిస్తుంది, కానీ ఆవిడ దాన్ని యథాతథంగా బయటకు పంపడానికి కుదరదు. రాతలో పెడితే రేపు దాన్నే పట్టుకుని ఎవరైనా వాదనకు దిగుతారేమో అని కంపెనీల భయం. పైగా ఆవిడ చేతిలో ఇంకా ఎన్నో పోస్టులుంటాయి. ‘ఎందుకు’ అని అడిగితే ఆవిడ నాలుగు ఫారాలూ తెరిచి, చదివి, నొప్పించకుండా ఒక పేరా కూర్చాలి. టెంప్లేట్ అతికిస్తే అరనిమిషంలో పని అయిపోతుంది. మీరైనా ఏం చేస్తారు?

రెండోసారి రిజెక్షన్ శుక్రవారం సాయంత్రం వచ్చింది. వాడు ఆ రాత్రే రాసేద్దామన్నాడు. నేను ఆపాను. కోపం మీద రాసింది ఎంత మర్యాదగా రాసినా తెలిసిపోతుంది. అలాగని పది రోజులు ఆగితే ప్యానెల్ మనల్ని మర్చిపోతుంది. సోమవారం పొద్దున, రిజెక్షన్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇచ్చాడు. కొత్త మెయిల్ పెడితే ఏ పోస్టు, ఎవరీ అబ్బాయి అని ఆవిడ వెతుక్కోవాల్సి వస్తుంది. వాడు రాసింది ఇంగ్లీషులోనే, సారాంశం ఇది:

‘నమస్తే మేడం. నిర్ణయం తెలియజేసినందుకు థాంక్స్. దాన్ని మళ్లీ చూడమని అడగడం లేదు. డిజైన్ రౌండ్‌లో డేటాబేస్‌ను ముక్కలుగా విడగొట్టడం గురించి అడిగినప్పుడు తడబడ్డాననిపించింది. తేడా వచ్చింది అక్కడేనా, లేక కోడింగ్ రౌండ్‌లోనా? ఒక్క లైను చెప్పినా చాలు.’

మర్నాడు మధ్యాహ్నానికి జవాబొచ్చింది: ‘కోడింగ్ బాగుంది. డిజైన్ రౌండే, కానీ మీరన్న చోట కాదు. ఎంతమంది వాడతారు, రోజుకు ఎన్ని ఆర్డర్లు అని అడగకుండానే బొమ్మ గీయడం మొదలుపెట్టారని ప్యానెల్ అభిప్రాయం.’

ఇక్కడ ఒకటి గమనించండి. వాడి ఊహ తప్పింది. అయినా జవాబు రాబట్టింది ఆ తప్పు ఊహే. ఖాళీ కాగితం ఇచ్చి రాయమంటే ఎవరికైనా బద్ధకం. తప్పు రాసి చూపిస్తే మాత్రం ‘అది కాదు, ఇది’ అని దిద్దకుండా ఉండలేరు. పైగా వాడు రౌండ్ పేరు చెప్పాడు కాబట్టి ఆవిడ తెరవాల్సిన ఫారాలు రెండే. ‘మళ్లీ చూడమని అడగడం లేదు’ అన్న వాక్యంతో వాదన భయం కూడా చాలావరకు పోయింది. ఆ వాక్యం చిన్నదే, కానీ నన్నడిగితే ఉత్తరంలో తీయకూడనిది అదొక్కటే.

ఆ రాత్రి మెస్సులో కూర్చుని లెక్క వేశాం. రోజుకు పది లక్షల ఆర్డర్లనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. అంటే సెకనుకు దాదాపు 12. రద్దీ వేళ ఐదింతలు అనుకున్నా 60. అంత మాత్రానికి ఒక్క డేటాబేస్ హాయిగా సరిపోతుంది, విడగొట్టాల్సిన పనే లేదు. వాడు తడబడ్డాననుకున్న చోటికి అసలు వెళ్లనక్కర్లేదన్నమాట! ఆర్డర్లెన్నో ముందే ప్యానెల్‌ను అడిగి ఉంటే ఆ గొడవే వచ్చేది కాదు. ‘ఎందుకు’ అని అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు, డేటాబేస్ విడగొట్టడం మీద ఇంకో నెల కూర్చునేవాడు.

మరి హెచ్‌ఆర్‌ను కాకుండా ఇంటర్వ్యూ చేసినాయన్నే లింక్డిన్‌లో అడిగితే? మనసు అటే లాగుతుంది, ఎందుకంటే అసలు సంగతి తెలిసింది ఆయనకే. కానీ చాలాచోట్ల ప్యానెల్ వాళ్లు అభ్యర్థులతో నేరుగా మాట్లాడకూడదు. నాకు అలాంటి మెసేజ్‌లు వస్తే హెచ్‌ఆర్‌కు పంపేస్తాను, అంతే. ఇంటర్వ్యూ చివర ఆయనే ‘ఏమైనా ఉంటే నాకు రాయండి’ అని ఉంటే అది వేరు.

మెయిల్ బదులు ఫోన్ చేయొచ్చా అన్నది కంపెనీని బట్టి కాదు, మధ్యలో ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే మెయిల్ రాయకండి, ఫోన్ చేయండి. మీరు ఎక్కడో ఒక చోట చేరితేనే వాళ్లకు డబ్బు వస్తుంది, కాబట్టి మీకు ఎక్కడ దెబ్బ పడిందో వాళ్లకూ కావాలి. రాయడానికి జంకే మాట నోటితో చెప్పేస్తారు కూడా. అక్కడ కూడా ప్రశ్న మాత్రం అదే: ఏ రౌండ్, ఈ చోటా ఆ చోటా? కంపెనీ హెచ్‌ఆర్‌కు మాత్రం చెప్పాపెట్టకుండా ఫోన్ చేస్తే ఆవిడ ఇరుకున పడుతుంది, మళ్లీ ఆ టెంప్లేట్ వాక్యమే నోటితో వింటారు.

రెజ్యూమె దగ్గరే ఆగిపోతే అసలు అడగొద్దు. అక్కడ ఎవరూ ఏమీ రాసి ఉండరు. చివరి రౌండ్ దాకా వెళ్లినా ఒక్కోసారి లోపల మనిషికే పోస్టు ఇచ్చేస్తారు, లేదా పోస్టే ఆపేస్తారు. అప్పుడు ఎంత బాగా అడిగినా ‘మరొకరు సరిపోయారు’ అన్న మాటే వస్తుంది. వచ్చిన జవాబులో ఒక రౌండ్ పేరో, మీరు చేసిన లేదా చేయని ఒక పనో ఉంటే అది నిజమైన జవాబు. ‘ఇంకాస్త అనుభవం కావాలి’ అంటే దాన్ని పట్టుకుని ఏ పుస్తకమూ కొనకండి, రెండో మెయిల్ కూడా పెట్టకండి.

జవాబు రాగానే మావాడు థాంక్స్ చెప్తూ రిప్లై టైప్ చేశాడు. ‘చాలా ఉపయోగపడింది మేడం. కానీ నిజానికి యూజర్లు ఎంతమంది అని అడుగుదామనే అనుకున్నాను, టైం తక్కువ ఉందని...’ అంటూ రాసుకుపోతున్నాడు. ఫోన్ లాక్కుని మొదటి వాక్యం ఉంచి మిగతాది చెరిపేశాను. ‘అన్యాయం అన్నా’ అంటూనే సెండ్ నొక్కాడు.