చదరంగం నియమాల తెలుగు పుస్తకం: మూడు వేసవులు వాడిన తర్వాత

పాలకొల్లులో ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు చదరంగం పోటీలు పెట్టే నలుగురైదుగురిలో నేనొకడిని. నరసాపురం, భీమవరం నుంచీ, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచీ పిల్లలు వస్తారు. వాళ్ళతోపాటు తండ్రులు, మేనమామలు వస్తారు. పిల్లల మధ్య తగవు రెండు నిమిషాల్లో తీరుతుంది. పెద్దవాళ్ళది తీరాలంటే చేతిలో నియమాల పుస్తకం ఉండాలి, అది వాళ్ళు చదవగలిగే భాషలో ఉండాలి. అందుకే 2023 వేసవిలో ఒక పరిచయస్థుడి ద్వారా ఈ తెలుగు అనువాదం చేతికి రాగానే నలభై జిరాక్సు ప్రతులు తీయించి పంచాను. తొందరపడ్డానని తర్వాత తెలిసింది.

ఇది అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, 2023 జనవరి 1 నుంచి అమలుచేసిన నియమాలకు అనువాదం. ఎవరు చేశారో అట్టమీద లేదు, నేనూ అడగలేదు. భాష మాత్రం హాయిగా ఉంది. పావు, గడి, ఎత్తు, బంటు అని మన ఇళ్ళలో వినపడే మాటలే వాడారు. బిషప్పును శకటు అన్నారు. కొన్ని ఇళ్ళలో దాన్ని ఒంటె అంటారు, పిల్లలు బిషప్పే అంటారు, దానివల్ల నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. గడుల పేర్లను e1, g8 అని బల్లమీద ఉన్నట్టే ఉంచడం తెలివైన పని. వాటినీ తెలుగులోకి మారిస్తే ఏనుగుకు రాసే ‘ఏ’కీ, మొదటి నిలువు వరుసకు రాసే ‘ఎ’కీ పిల్లల చేతిరాతలో తేడా తెలియదు.

ఇబ్బంది వచ్చింది షరతుల దగ్గర. మొదటి దెబ్బ 9.2 దగ్గర తగిలింది.

ఆ నియమం ప్రకారం ఒకే స్థితి కనీసం మూడోసారి బల్లమీదకు వస్తే, ఎత్తు వేయాల్సిన ఆటగాడు అడిగినప్పుడు ఆట డ్రా అవుతుంది. పుస్తకంలో దీన్ని ‘ఒకే స్థితి మూడుసార్లు పునరావృతమైతే’ అని రాశారు. చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు అసలు ఆట చూడండి. తెల్లపావులతో ఆడుతున్న అబ్బాయి 30వ ఎత్తులో ఏనుగును d1 నుంచి e1కి తెచ్చాడు. నల్లపావుల అమ్మాయి రాజు g8లో ఉంది. ఆమె రాజును h8కి జరిపింది. అబ్బాయి ఏనుగును e2కి జరిపాడు, ఆమె రాజును g8కి తెచ్చింది. 32లో ఏనుగు మళ్ళీ e1కి వచ్చింది. అదే తంతు ఇంకొకసారి నడిచి 34లో ఏనుగు మళ్ళీ e1కి చేరింది. అమ్మాయి గడియారం ఆపి డ్రా అడిగింది. ఆమెకు రెండు బంట్లు తక్కువ, ఆ డ్రా ఆమెకు అరపాయింటు.

అబ్బాయి తండ్రి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ‘అయ్యా, స్థితి మొదట వచ్చింది 30లో. పునరావృతమైంది 32లో ఒకసారి, 34లో ఒకసారి. అంటే రెండుసార్లే కదా? మూడుసార్లు పునరావృతం కావాలంటే ఇంకొకటి కావాలి.’ తెలుగు ప్రకారం ఆయన మాట తప్పు కాదు. పునరావృతం అంటే మళ్ళీ రావడం. మొదటి రాక పునరావృతం కాదు. నియమం లెక్కపెట్టేది రాకలను, అవి 30, 32, 34, మొత్తం మూడు. పుస్తకం లెక్కపెట్టించేది మళ్ళీ రావడాలను. ఆ తేడా ఒక్కటే, కానీ ఆ ఒక్కదాని మీద అరపాయింటు ఆధారపడి ఉంది.

అక్కడితో ఆగలేదు. డ్రా కోరిక తప్పని తేలితే 9.5.3 ప్రకారం ఎదుటి ఆటగాడికి రెండు నిమిషాలు అదనంగా ఇచ్చి ఆట కొనసాగించాలి. నేను గడియారం చేతిలోకి తీసుకుని ఆ రెండు నిమిషాలు అబ్బాయికి కలపబోయాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి ఫోనులో ఇంగ్లీషు ప్రతి తెరిచాను. అక్కడ ఉన్నది ‘మూడోసారి’. ఆట డ్రా. ఆ తండ్రి నన్ను ఇంకా పూర్తిగా నమ్మినట్టు లేదు, ఆయన్ను తప్పుపట్టను, ఆయన చేతిలో అచ్చు అలాగే ఉంది మరి.

ఈ తప్పు ఎలా జరిగిందో నాకు తర్వాత అర్థమైంది. ఆటగాళ్ళు ఈ నియమాన్ని ‘త్రీఫోల్డ్ రిపిటిషన్’ అని పిలుచుకుంటారు. అనువాదకుడు నియమాన్ని కాక ఆ పిలుపును తెలుగు చేశాడు. నియమం వాక్యంలో ఎక్కడా మూడు పునరావృతాల మాట లేదు. నేను నా ప్రతిలో ఇలా దిద్దుకున్నాను: ‘ఒకే స్థితి బల్లమీద మూడోసారి లేదా అంతకంటే ఎక్కువసారి ఏర్పడితే (మొదటిసారి ఏర్పడినదీ లెక్కలోకి వస్తుంది)’. కుండలీకరణంలోని మాట మూలంలో లేదని నాకు తెలుసు. అయినా ఉంచాను, ఎందుకంటే ‘మూడోసారి’ అన్నా ఎవరో ఒకరు వేళ్ళు ముడిచి మొదటిది వదిలేసి లెక్కపెడతారు.

ఇదే జాతికి చెందిన తప్పు 9.3లో ఉంది. యాభై ఎత్తులలో ఏ బంటూ కదలకుండా, ఏ పావూ చావకుండా ఉంటే డ్రా కోరవచ్చు. మూలంలో ఒక్కొక్క ఆటగాడూ యాభై అని స్పష్టంగా ఉంటుంది. పుస్తకంలో ‘చివరి 50 ఎత్తులలో ఇద్దరు ఆటగాళ్ళూ’ అని రాశారు. ఇంట్లో ఆడేవాళ్ళకు ఒకరు వేస్తే ఒక ఎత్తు, ఎదుటివాడు వేస్తే ఇంకో ఎత్తు. అలా చదివితే చెరో పాతిక చాలు. నిజానికి ఆట రాసుకునే కాగితంలో యాభై వరుసలు నిండాలి, ఒక్కో వరుసలో తెల్లది ఒకటి, నల్లది ఒకటి. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఒకటి ఉంది: చెరో. ‘ఇద్దరూ చెరో 50 ఎత్తులు’ అంటే ఇక రెండో అర్థం లేదు. ఇద్దరికి పంచేటప్పుడు మాత్రమే వాడే ఇలాంటి మాట మనకు ఉండగా ‘ఇద్దరూ’తో సరిపెట్టడం నాకు కాస్త కోపం తెప్పించింది.

తాకిన పావు నియమం, 4.3, ఇంకా తిరకాసు పెట్టింది. ఆట మొదట్లో ఒక అబ్బాయి c1లోని శకటును పట్టుకున్నాడు. b2, d2 బంట్లు అడ్డం, అది ఎక్కడికీ కదలదు. చెయ్యి తీసి b1లోని గుర్రాన్ని పట్టుకున్నాడు. దాన్నీ వదిలేసి d2 బంటును రెండు గడులు ముందుకు తోశాడు. ఎదుటి పిల్లవాడు చెయ్యెత్తాడు.

పుస్తకంలో ఉన్నది: ‘మొదట తాకిన పావును, జరపడానికి వీలుంటే, జరపాలి.’ అబ్బాయి వాదన సూటిగా ఉంది. మొదట తాకింది శకటు. దాన్ని జరపడానికి వీల్లేదు. కనుక నాకు నచ్చినది ఆడతాను. మూలంలో ఉన్నది వేరు. తాకినవాటిలో జరపడానికి వీలున్న మొదటిదాన్ని జరపాలి. శకటు పోయినా గుర్రం ఉంది, అది a3కో c3కో వెళ్ళగలదు. కాబట్టి బంటును వెనక్కి పెట్టి గుర్రాన్నే ఆడాలి. తాకినవాటిలో ఒక్కటీ కదలలేనప్పుడు మాత్రమే, 4.5 ప్రకారం, నచ్చిన ఎత్తు వేసుకోవచ్చు.

ఇక్కడ తప్పు మాటల ఎంపికది కాదు, వాక్యం అమరికది. ఇంగ్లీషులో ‘జరపడానికి వీలున్న’ అనే ముక్క పావు తర్వాత వేలాడుతుంది, అందువల్ల ‘మొదటి’ అనేది రెండు విశేషణాల మీదా పనిచేస్తుంది. తెలుగులో విశేషణాలన్నీ పావుకు ముందే రావాలి. ‘మొదట’ను ‘తాకిన’కు అంటించగానే అది ఒకే పావును చూపిస్తుంది, వీలుందా లేదా అన్నది ఆ ఒక్కదాని గురించే అడగాల్సి వస్తుంది. నేను దీన్ని చాలాసార్లు తిరగరాశాను. చివరికి నిలిచింది ఇది: ‘తాకిన పావులను తాకిన వరుసలోనే చూసుకుంటూ పోయి, జరపడానికి వీలున్నది ఏది మొదట తగిలితే దాన్ని జరపాలి.’ పొడుగైంది, అందంగా లేదు. కానీ ఈ వాక్యం చదివి వినిపించాక ఇంతవరకు ఎవరూ రెండో అర్థం తీయలేదు.

ఇక అంకెల సంగతి. పుస్తకం మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. మూలంలో ఉపనియమాలు 4.4.1, 4.4.2 అని అంకెలతో సాగుతాయి. తెలుగు పుస్తకంలో వాటిని అ, ఆ, ఇ, ఈ చేశారు. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంటుంది. నోటితో చెబితే తెలుస్తుంది తిప్పలు. బంటు చివరి గడికి చేరి మంత్రి అయ్యే సందర్భంలో, కొత్త పావు ఆ గడిని తాకగానే ఎంపిక ఖరారవుతుందని 4.4.4 చెబుతుంది. పుస్తకంలో అది నాలుగో అక్షరం, ఈ. మైకులో ‘4.3 ఈ ప్రకారం’ అన్నాను. విన్నవాళ్ళందరూ ‘4.3, ఈ విధంగా’ అని అర్థం చేసుకుని నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూశారు. ‘ఆ నిబంధన’ అన్నా అంతే, ఏ నిబంధన అని అడుగుతారు. మన భాషలో ‘ఆ’, ‘ఈ’లు అక్షరాలూ, వేలెత్తి చూపే మాటలూ కూడా. వాటితో నియమాలకు వరుస పెట్టకూడదు.

4.4 అనాల్సిన చోట 4.3 అన్నానని మీరు గమనించి ఉంటారు. అది నా పొరపాటు కాదు. ఎత్తును ఒక్క చేత్తోనే వేయాలని చెప్పే 4.1ను అనువాదకుడు అధ్యాయానికి ముందుమాటలా, అంకె లేకుండా పెట్టాడు. దాంతో ఆ అధ్యాయమంతా ఒక్కో అంకె వెనక్కి జరిగింది. 4.2 అక్కడ 4.1, 4.3 అక్కడ 4.2. ఇంకో అధ్యాయంలో ‘4.3 చూడండి’ అని ఉన్నచోట మాత్రం పాత అంకెలే మిగిలాయి, అవి వేరే నియమం దగ్గరికి తీసుకుపోతాయి. అనువాదంలో వాక్యం తప్పితే వాదించుకోవచ్చు. అంకె తప్పితే ఇద్దరం వేరు వేరు పేజీలు చూస్తూ కేకలు వేసుకుంటాం.

వివాదం వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందన్నది కూడా పుస్తకంలో లేదు. 2022లో చెన్నైలో జరిగిన ఫిడే 93వ మహాసభ ఆమోదించిన ఈ నియమాల్లో, ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం తెలుగులో మొదటి పేజీలో ఉండి ఉంటే ఆ తండ్రితో నాకు అరగంట కలిసివచ్చేది.

ఇన్ని చెప్పాక కూడా పుస్తకం పారేయలేదు. గడియారం వాడకం, ఫోను నిషేధం, ఆట రాసుకోవడం లాంటి భాగాలు తెలుగులో చదివి వినిపిస్తే పిల్లలకు ఒక్కసారికే ఎక్కుతున్నాయి, ఇంగ్లీషులో మూడు వేసవులు చెప్పినా ఎక్కేవి కావు. అయిదుకు మూడు మార్కులు వేస్తాను. నాలుగు, తొమ్మిది అధ్యాయాలను మాత్రం నా దిద్దుబాట్లు లేకుండా ఎవరికీ చదివి వినిపించను. అంకెలన్నీ ఎర్రసిరాతో మూలం ప్రకారం మార్చి, అక్షరాలు కొట్టేశాను.

మొదట పంచిన నలభై ప్రతులు మాత్రం ఇంకా ఊళ్ళలో తిరుగుతున్నాయి. ఈ వేసవి రాజోలు నుంచి వచ్చిన పిల్లవాడి సంచిలో ఒకటి కనిపించింది, చెమటకు నలిగి అంచులు మెత్తబడి ఉంది. అడిగి తీసుకుని, 9.2 దగ్గర ‘మూడుసార్లు పునరావృతమైతే’ కొట్టేసి పైన ‘మూడోసారి ఏర్పడితే’ అని రాసి ఇచ్చాను. మిగతా పేజీలు దిద్దేలోపు అతని ఆట పిలిచారు.