అరెస్టు బెదిరింపా, ఆర్బిట్రేషన్ నోటీసా: ఏ మెయిల్‌కి భయపడాలి?

పర్సనల్ లోన్ కిస్తీలు రెండు మూడు ఆగితే చాలు, ‘లీగల్’ మెయిళ్లు మొదలవుతాయి. వీటిలో దేన్ని పట్టించుకోవాలని చాలామంది అడుగుతున్నారు.

ఒక రకం మెయిల్ కేకలు వేస్తుంది. 24 గంటల్లో కట్టకపోతే ఐపీసీ 420 కింద ఎఫ్ఐఆర్, అరెస్టు వారెంటు, ఆఫీసుకు పోలీసులు అంటుంది. లోన్ కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు. మోసం కేసు నిలబడాలంటే తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. వారెంటు ఇచ్చేది కోర్టు, రికవరీ ఏజెన్సీ కాదు. పైగా 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తర్వాత తీసుకున్న లోన్‌కి కూడా 420 అని రాశారంటే, పాత మెయిల్‌లో పేరు మార్చి పంపారన్నమాట.

అయితే దాన్ని డిలీట్ చేసేముందు ఒక్కటి చూసుకోండి. మీ చెక్కు గానీ, బ్యాంకు ఆటోడెబిట్ గానీ డబ్బుల్లేక బౌన్స్ అయ్యిందా? అయితే క్రిమినల్ కేసు నిజంగానే రావచ్చు. చెక్కుకి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం, బౌన్స్ సమాచారం అందిన 30 రోజుల్లోపు అప్పిచ్చినవాళ్లు నోటీసు ఇవ్వాలి. అది మీకు అందాక కట్టడానికి 15 రోజుల గడువుంటుంది. ఆటోడెబిట్‌కీ దాదాపు ఇదే పద్ధతి. నిజమైన నోటీసులో చెక్కు నంబరు, మొత్తం, బౌన్స్ వివరం ఉంటాయి.

నాకైతే రెండో రకమంటేనే భయం. మర్యాదగా నాలుగు లైన్లు ఉంటాయి: ‘మీ అగ్రిమెంట్‌లోని ఫలానా క్లాజు ప్రకారం వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపుతున్నాం.’ కింద ఒక పీడీఎఫ్. టెన్షన్ పెట్టదు కాబట్టి చాలామంది తెరవరు. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి వివాదాన్ని తేల్చడం. మీరు పలకకపోయినా ఆయన విచారణ నడిపి అవార్డు, అంటే తీర్పు, ఇవ్వగలరు. దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. జీతంలో కొంత భాగం, బ్యాంకు ఖాతా జప్తుదాకా వెళ్తుంది.

అందుకే ముందు లోన్ ఖాతా నంబరు, క్లాజు నంబరు మీ అగ్రిమెంట్‌తో సరిచూడండి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, అగ్రిమెంట్‌లో ఉన్న చిరునామాకే రాసి అడగండి. నోటీసు నిజమైతే, ఆర్బిట్రేటర్‌ని ఎవరు నియమించారో చూడండి. అప్పిచ్చినవాళ్లే ఏకపక్షంగా పెట్టుకుంటే చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది. ‘ఈ నియామకానికి నేను ఒప్పుకోను’ అని మొదటి జవాబులోనే రాతపూర్వకంగా పెట్టండి. అవార్డు వచ్చేసినా, అది అందిన మూడు నెలల్లోపు కోర్టులో సవాలు చేయవచ్చు.

లోక్ అదాలత్ నోటీసు మూడో రకం. ఇద్దరూ రాజీకి ఒప్పుకుంటేనే అక్కడ తేలుతుంది. వెళ్లనంత మాత్రాన అరెస్టు చేయరు. వడ్డీ తగ్గించమని అడగాలనుకుంటే మాత్రం వెళ్లడమే మంచిది.

మెయిల్‌లో కోర్టు కేసు నంబరు ఉంటే ecourts.gov.in లో వెతకండి. అక్కడ ఏమీ కనపడలేదని మాత్రం ఊరుకోకండి. ఆర్బిట్రేషన్ అనేది కోర్టు బయట నడుస్తుంది, ఆ విచారణ అందులో కనిపించదు.